అల్పపీడనం చుట్టూ గాలి ఎందుకు తిరుగుతుంది? వాయుగుండం నుంచి హుద్‌హుద్ దాకా ఒక లెక్క

ప్రశ్న: గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు వీస్తుందని స్కూల్లో చదువుకున్నాం. మరి తుపాను మ్యాపులో గాలి కేంద్రం చుట్టూ తిరుగుతుంది కానీ నేరుగా లోపలికి ఎందుకు పోదు? మన అర్ధగోళంలో గాలి కుడికి వంగుతుందంటారు, తుపాను తిరిగేది మాత్రం ఎడమకి. ముందు రాస్బీ నంబర్ చూసుకోవాలని ఎక్కడో చదివాను. హుద్‌హుద్ లాంటి తుపానుకు అది ఎలా వేస్తారు?

సమాధానం:

గాలి బయలుదేరేది తక్కువ పీడనం వైపే. స్కూల్లో చెప్పినదాంట్లో తప్పు లేదు, కాకపోతే అది సగం కథ. ఆ గాలి గంటల తరబడి ప్రయాణించాలి. ఈలోగా కింద భూమి తిరుగుతూనే ఉంటుంది. భూమి మీద నిలబడి చూసే మనకు ఆ గాలి కుడివైపు వంగుతున్నట్టు కనిపిస్తుంది, అలా వంగి వంగి కేంద్రాన్ని తాకకుండా పక్కగా పోతుంది. చివరికి లోపలికి లాగే పీడన బలం, గాలిని ఇలా కుడికి వంచి బయటికి నెట్టే కొరియాలిస్ బలం దాదాపు సమానమై గాలి ఐసోబార్ల వెంట, అంటే మ్యాపులో ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతల వెంట నడుస్తుంది. దీన్నే జియోస్ట్రోఫిక్ సంతులనం అంటారు. అయితే ఈ సంతులనం ప్రతిచోటా ఒకే మేరకు నిజం కాదు. ఎంత మేరకు నిజమో చెప్పేదే రాస్బీ నంబర్. హుద్‌హుద్ బయటి అంచుల్లో అది ఒకటి కంటే తక్కువ, నడిమి కన్ను చుట్టూ గాలి అన్నిటికంటే బలంగా వీచే కంటి గోడ దగ్గర ఇరవై పైమాటే. అంటే ఒకే తుపానులో రెండు రకాల లెక్కలు నడుస్తాయి. మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా వాతావరణ చార్టుల మీద పనిచేశాను. మొదటి పదేళ్లు ఐసోబార్లు పెన్సిల్‌తో చేత్తో గీసినవాణ్ణి. కింద చెప్పే లెక్కలు కాగితం మీద మీరూ వేసుకోవచ్చు.

ముందు ఆ కుడివైపు వంపు సంగతి. ఉత్తర ధ్రువం మీద నిలబడితే మన కాళ్ల కింద నేల గంటకు 15 డిగ్రీల చొప్పున బొంగరంలా తిరుగుతుంది. భూమధ్యరేఖ మీద నిలబడితే నేల మనల్ని తూర్పుకు మోసుకుపోతుంది కానీ కాళ్ల కింద బొంగరంలా తిరగదు. విశాఖపట్నం ఈ రెండింటికీ మధ్య, 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ నేల నిలువు అక్షం చుట్టూ గంటకు సుమారు 4.5 డిగ్రీలు తిరుగుతుంది. పొడవాటి తాడుకు లోలకం వేలాడదీస్తే అది ఊగే దిశ గంటకు ఆ మేరకే పక్కకు జరుగుతుంది. కదిలే గాలికి ఈ ప్రభావం రెట్టింపు అవుతుంది. సగం మనం చూసే దిశ తిరిగిపోవడం వల్ల వస్తుంది. మిగతా సగం గాలి వేరే వేగంతో తిరిగే చోటికి జరగడం వల్ల వస్తుంది. ఆ రెట్టింపును కలుపుకుని f అనే అక్షరంతో రాస్తారు. Ω భూమి తిరిగే వేగం, φ అక్షాంశం:

```
f = 2 Ω sin φ
Ω = 0.0000729 /s
φ = 17.7°  →  f = 0.0000443 /s
```

ఈ సంఖ్యను ఇలా చూస్తే ఏమీ బోధపడదు. తిరగేసి చూడండి. 1/f అంటే సుమారు 22,600 సెకన్లు, అంటే ఆరు గంటల పైచిలుకు. విశాఖ అక్షాంశంలో భూభ్రమణం గాలి మీద తన పట్టు చూపించడానికి పట్టే సమయం అది. ఏ కదలికైనా ఆరు గంటల్లోపే ముగిసిపోతే దానికి భూమి తిరుగుతున్న సంగతి పెద్దగా తెలియదు. ఒక రోజు పైన సాగితే మాత్రం తప్పించుకోలేదు.

రాస్బీ నంబర్ కూడా ఇదే. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన కార్ల్ గుస్తాఫ్ రాస్బీ పేరు దానికి పెట్టారు. సూత్రం U/(fL) అని రాస్తారు. U గాలి వేగం, L ఆ వ్యవస్థ కొలత. నేను మాత్రం పిల్లలకు ఇలా చెబుతాను: ఆరు గంటలను, గాలి ఆ దూరం దాటడానికి పట్టే సమయంతో భాగించండి. వచ్చిన సంఖ్య ఒకటి కంటే బాగా తక్కువైతే ఆ గాలి భూభ్రమణానికి లోబడి ఉంది. ఒకటి కంటే బాగా ఎక్కువైతే ఆ గాలికి భూభ్రమణంతో పని లేదు. ఒకటికి దగ్గరలో ఉంటే రెండు బలాలనూ లెక్కలోకి తీసుకోవాలి, ఏదీ వదిలేయడానికి లేదు. మన బంగాళాఖాతంలో చాలా వ్యవస్థలు ఈ మూడో కోవలోకే వస్తాయి. పుస్తకాల్లోని ఉదాహరణలు చదివి ఇక్కడి చార్టు చూసేవాళ్లు ఎక్కువగా తడబడేది అందుకే.

సముద్రపు గాలి చూడండి. మధ్యాహ్నం సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తూ 50 కిలోమీటర్ల మేర వ్యాపిస్తుందనుకుందాం. ఆ దూరం దాటడానికి మూడు గంటల లోపే పడుతుంది. ఆరుని మూడుతో భాగిస్తే రెండు దాటింది. అందుకే మధ్యాహ్నం సముద్రపు గాలి స్కూలు పుస్తకంలో ఉన్నట్టే చల్లటి సముద్రం నుంచి వేడెక్కిన నేల మీదికి దాదాపు నేరుగా వస్తుంది. సాయంత్రం దాకా ఆగి చూస్తే అదే గాలి మెల్లగా కుడివైపు తిరగడం కొన్ని రోజుల్లో కనిపిస్తుంది. వేసవిలో నైరుతి గాలి బలంగా ఉన్న రోజున ఈ తేడా విడిగా పట్టుకోలేం, ప్రశాంతమైన రోజు చూసుకోవాలి.

ఇప్పుడు కుడి, ఎడమల చిక్కుముడి. దీన్ని దాదాపు అందరూ అడుగుతారు, అడగాల్సిందే కూడా. ఒక కాగితం మధ్యలో చుక్క పెట్టి దాన్ని అల్పపీడన కేంద్రం అనుకోండి. నాలుగు వైపుల నుంచీ గాలి ఆ చుక్క వైపు బయలుదేరింది. దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చే గాలి తన కుడికి, అంటే తూర్పుకు వంగుతుంది. కాబట్టి చుక్కను తాకకుండా దాని తూర్పు పక్కగా పోతుంది. ఇప్పుడు చుక్క దానికి ఎడమవైపు ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చే గాలి తన కుడికి, అంటే పడమరకు వంగి చుక్కకు పడమటి పక్కగా పోతుంది. దానికీ చుక్క ఎడమవైపే ఉంది. మిగతా రెండు వైపులూ గీసి చూసినా అంతే. చుక్కకు తూర్పున గాలి ఉత్తరానికి, పడమరన దక్షిణానికి పోతోందంటే మొత్తం చుట్టు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతోందన్నమాట. గాలి కుడికి వంగబట్టే కేంద్రం ఎడమవైపు ఉండిపోతుంది. పక్కకు వచ్చిన గాలిని పీడన బలం ఎడమకు, అంటే కేంద్రం వైపు లాగుతూనే ఉంటుంది కాబట్టి అది ఆ చుట్టు విడిచి పోలేదు.

1857లో బైస్ బాలెట్ అనే డచ్ శాస్త్రవేత్త ఈ విషయాన్నే నియమంగా చెప్పాడు: ఉత్తరార్ధగోళంలో గాలి వీపుకు తగిలేలా నిలబడితే తక్కువ పీడనం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. కోస్తాలో ఈశాన్యం నుంచి గాలి బలపడుతోందనుకోండి. వీపు ఈశాన్యానికి పెడితే ముఖం నైరుతికి ఉంటుంది, ఎడమచెయ్యి ఆగ్నేయం వైపు, అంటే సముద్రం వైపు చూపిస్తుంది. అల్పపీడనం ఉన్నది అటే.

నేల దగ్గర మాత్రం ఒక సవరణ ఉంది. నేల రాపిడి వల్ల, అలల రాపిడి వల్ల గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే కొరియాలిస్ బలం తగ్గుతుంది, ఎందుకంటే అది వేగాన్ని బట్టే ఉంటుంది. పీడన బలం మాత్రం తగ్గదు. దాంతో పీడన బలానిదే పైచెయ్యి అయి గాలి ఐసోబార్లను ఏటవాలుగా దాటి లోపలికి జారుతుంది. సముద్రం మీద ఈ వాలు సుమారు 10 నుంచి 20 డిగ్రీలు ఉంటుంది, నేల మీద ఇంకా ఎక్కువ. కాబట్టి లోపలికి ఎందుకు పోదు అన్న మీ ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఏమిటంటే, కింది కిలోమీటరు మందంలో గాలి లోపలికి పోతుంది, కాకపోతే సుడి తిరుగుతూ కొద్దికొద్దిగా పోతుంది. అలా కేంద్రం దగ్గర పోగైన గాలి పైకి లేస్తేనే మేఘాలు, వర్షం. పైన చెప్పిన ఎడమచేతి నియమంలో కూడా కేంద్రం సరిగ్గా ఎడమ పక్కన కాక కొంచెం ముందుకు ఉంటుంది.

ఇక అంకెల దగ్గరికి వద్దాం. నేను పనిలో చేరిన కొత్తలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

అప్పట్లో చార్టు మీద గాలి వేగం చూడటానికి ఒక పారదర్శక స్కేలు ఉండేది. రెండు ఐసోబార్ల మధ్య దాన్ని పెడితే ఆ అక్షాంశానికి జియోస్ట్రోఫిక్ వేగం ఎంతో చెప్పేది. వాయవ్య బంగాళాఖాతంలో ఒక వాయుగుండం ఉంది. దాని పక్కన ఐసోబార్లు 300 కిలోమీటర్లకు 2 హెక్టోపాస్కల్స్ తేడాతో ఉన్నాయి. స్కేలు పెడితే 25 నాట్లు వచ్చింది. తీరంలోని స్టేషన్ వదిలిన బెలూన్ మాత్రం 900 మీటర్ల ఎత్తున 17 నాట్లే చూపింది. ఆ ఎత్తున నేల రాపిడి ప్రభావం చాలా తక్కువ, కాబట్టి రాపిడి మీద తోసేయడానికి లేదు. నేను బెలూన్ రిపోర్టే తప్పనుకుని దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, బులెటిన్ ముసాయిదాలో 25 రాశాను. చార్టు తనిఖీ చేసిన సీనియర్ ఆ ప్రశ్నార్థకం చెరిపేసి, పక్కనే మూడు వరుసల్లో లెక్క వేసి చూపించారు. బెలూన్ తప్పు కాదు, స్కేలు కూడా తప్పు కాదు. ఆ స్కేలు ఐసోబార్లు తిన్నగా ఉన్నచోటికి తయారైంది, నేను దాన్ని వంపు మీద పెట్టాను.

లెక్క ఇలా ఉంటుంది. గాలి తిన్నగా పోతే పీడన బలానికి కొరియాలిస్ ఒక్కటే సరిపోవాలి. గాలి కేంద్రం చుట్టూ వంపు తిరుగుతుంటే పీడన బలంలో కొంత భాగం ఆ మలుపు తిప్పడానికే ఖర్చవుతుంది, తాడుకు కట్టిన రాయిని గిరగిరా తిప్పేటప్పుడు చెయ్యి లాగి పట్టుకోవాల్సి వచ్చినట్టు. మిగిలినదానికే కొరియాలిస్ సరిపోతే చాలు. కాబట్టి అల్పపీడనం చుట్టూ అసలు గాలి జియోస్ట్రోఫిక్ వేగం కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

```
తిన్నటి గాలి :  f Vg       = (1/ρ) Δp/Δn
వంపు గాలి   :  V²/R + f V = (1/ρ) Δp/Δn
```

ఇక్కడ Vg జియోస్ట్రోఫిక్ వేగం, V అసలు గాలి వేగం, Δp/Δn దూరంతో పీడనం మారే రేటు, R అంటే కేంద్రం నుంచి దూరం, ρ గాలి సాంద్రత. సాంద్రతను ఘనపు మీటరుకు 1.15 కిలోలు అనుకుందాం. 2 హెక్టోపాస్కల్స్ అంటే 200 పాస్కల్స్. దాన్ని 3,00,000 మీటర్లతో, ఆ తర్వాత 1.15తో భాగిస్తే 0.00058 వస్తుంది. దీన్ని fతో భాగిస్తే సెకనుకు 13.1 మీటర్లు. స్కేలు చూపిన 25 నాట్లు ఇవే. ఇప్పుడు R ను 400 కిలోమీటర్లుగా పెట్టి రెండో సూత్రాన్ని సాధిస్తే V సెకనుకు 8.8 మీటర్లు వస్తుంది. అది 17 నాట్లు. బెలూన్ చెప్పిందీ అంతే.

రెండో సూత్రాన్ని మొత్తం fV తో భాగించి చూడండి. మొదటి పదం V/(fR) అవుతుంది. అది రాస్బీ నంబరే, కాకపోతే L చోట R ఉంది. రెండో పదం ఒకటి. కుడివైపు Vg/V మిగులుతుంది.

```
Vg / V = 1 + Ro
```

ఆ రోజు సీనియర్ రాసిన మూడో వరుస ఇదే, నాకు ఇప్పటికీ ఇది చాలా ఇష్టం. జియోస్ట్రోఫిక్ అంచనాలో ఉండే తప్పు ఎంతో రాస్బీ నంబరే నేరుగా చెబుతుంది. రాస్బీ నంబర్ 0.1 అయితే జియోస్ట్రోఫిక్ వేగం అసలు వేగం కంటే పది శాతం ఎక్కువ చూపిస్తుంది. నా వాయుగుండంలో గాలి 400 కిలోమీటర్లు దాటడానికి పన్నెండున్నర గంటలకు కాస్త పైన పడుతుంది, ఆరు గంటల పైచిలుకును దాంతో భాగిస్తే దాదాపు 0.5. అంటే యాభై శాతం ఎక్కువ చూపించాలి. 17కి యాభై శాతం కలిపితే 25 పైనే వస్తుంది.

ఐరోపా, ఉత్తర అమెరికా పుస్తకాల్లో జియోస్ట్రోఫిక్ లెక్కకు అంత ప్రాధాన్యం ఎందుకో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. 45 డిగ్రీల అక్షాంశంలో f మనకంటే రెట్టింపు పైనే ఉంటుంది. అక్కడి అల్పపీడనాలు వెయ్యి కిలోమీటర్ల స్థాయిలో ఉంటాయి. సెకనుకు 10 మీటర్ల గాలి పెట్టి చూస్తే రాస్బీ నంబర్ 0.1 వస్తుంది. వాళ్లకు పది శాతం తప్పుతో పని జరిగిపోతుంది. మనకు అదే స్కేలు యాభై శాతం తప్పు ఇస్తుంది.

ఇప్పుడు హుద్‌హుద్. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం 12, ఒంటిగంట మధ్య అది విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. భారత వాతావరణ శాఖ అంచనా ప్రకారం కేంద్రంలో పీడనం సుమారు 950 హెక్టోపాస్కల్స్, గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. అంటే సెకనుకు 50 మీటర్లు. ఆ బలమైన గాలి కేంద్రం నుంచి 40 కిలోమీటర్ల దూరంలో ఉందని లెక్క కోసం అనుకుందాం, ఇది నేను గుండ్రంగా తీసుకున్న అంకె.

40 కిలోమీటర్లను సెకనుకు 50 మీటర్లతో భాగిస్తే 800 సెకన్లు, పదమూడు నిమిషాలు. ఆరు గంటల పైచిలుకును పదమూడు నిమిషాలతో భాగిస్తే 28. అంటే లోపలికి లాగే పీడన బలం మొత్తాన్ని 29 పాళ్లు చేస్తే, 28 పాళ్లు గాలిని మలుపు తిప్పడానికే పోతాయి, కొరియాలిస్ వాటా ఒక్క పాలు. ఇక్కడ ఎవరైనా పొరపాటున పాత స్కేలు పెడితే ఏమవుతుందో చూడండి. 50ని 29తో గుణించాలి, సెకనుకు దాదాపు 1,450 మీటర్లు. శబ్ద వేగానికి నాలుగు రెట్లు దాటిన గాలి! అలాంటి అంకె వచ్చిందంటే పీడనం కొలత తప్పని కాదు, ఆ సూత్రం అక్కడ చెల్లదని అర్థం. కొత్తవాళ్లు కంప్యూటర్‌లో జియోస్ట్రోఫిక్ గాలి మ్యాపు వేసినప్పుడు తుపాను నడిబొడ్డున ఇలాంటి అంకెలు చూసి కంగారు పడుతుంటారు. ముందు రాస్బీ నంబర్ మ్యాపు వేసుకుంటే ఏ ప్రాంతం దాకా నమ్మాలో కనిపిస్తుంది.

ఇక్కడే చాలామందికి వచ్చే గట్టి సందేహం ఉంది. కంటి గోడ దగ్గర కొరియాలిస్ వాటా ఇరవైతొమ్మిదింట ఒకటే అయితే, ఉత్తరార్ధగోళంలో ప్రతి తుపానూ ఎడమకే ఎందుకు తిరుగుతుంది? ఏదో ఒకటైనా ఎదురు దిశలో తిరగాలి కదా?

తిరగదు. ఎందుకంటే కంటి గోడ దగ్గర ఉన్న గాలి అక్కడ పుట్టినది కాదు, వందల కిలోమీటర్ల దూరం నుంచి లోపలికి జారుతూ వచ్చింది. బయలుదేరిన చోట అది నిశ్చలంగా ఉన్నట్టు మనకు కనిపించినా, భూమితోపాటు మెల్లగా తిరుగుతూనే ఉంది. ఆ తిరుగుడు గాలితోపాటే లోపలికి వస్తుంది. చేతులు చాచి గిరగిర తిరిగే మనిషి చేతులు ముడిస్తే వేగం పెరిగినట్టు, దూరం తగ్గేకొద్దీ చుట్టు వేగం పెరుగుతుంది. లెక్క కూడా సులభమే. 300 కిలోమీటర్ల దూరంలో నిశ్చలంగా ఉన్న గాలి, రాపిడి లేకుండా 40 కిలోమీటర్ల దాకా వస్తే దాని వేగం ఎంతవుతుంది?

```
V ≈ (f/2) × R₁² / R₂
  = (0.0000443/2) × 300000² / 40000
  ≈ 50 m/s
```

హుద్‌హుద్ వేగం అంతే ఉంది. నిజానికి దారిలో రాపిడి చాలా తినేస్తుంది కాబట్టి గాలి ఇంకా దూరం నుంచి రావాలి. 500 కిలోమీటర్ల నుంచి రాపిడి లేకుండా వస్తే సెకనుకు దాదాపు 140 మీటర్లు కావాలి, అలాంటి గాలి తుపానుల్లో ఉండదు, అంత నష్టం దారిలోనే జరుగుతుంది. కానీ తిరిగే దిశ మాత్రం నష్టపోదు. బయట రాస్బీ నంబర్ తక్కువగా ఉన్నచోట భూమి దిశను నిర్ణయిస్తుంది, లోపల రాస్బీ నంబర్ ఎక్కువగా ఉన్నచోట ఆ తిరుగుడే వేగంగా మారుతుంది. కంటి గోడ దగ్గర ఈ క్షణంలో కొరియాలిస్ చిన్నదే, కానీ అక్కడున్న తిరుగుడు అంతా భూభ్రమణం నుంచి వచ్చిందే.

అలాంటి చరిత్ర లేని సుడులతో పోల్చి చూడండి. ఎండాకాలం రాయలసీమ చేలల్లో లేచే సుడిగాలి పది మీటర్ల వెడల్పు ఉండి, సెకనుకు పది మీటర్లతో తిరుగుతుందనుకుంటే, రాస్బీ నంబర్ ఇరవై వేలు దాటుతుంది. దాని గాలి పక్క చేను నుంచి వచ్చింది, వందల కిలోమీటర్ల నుంచి కాదు. అందుకే సుడిగాలులు రెండు దిశల్లోనూ తిరుగుతాయి. సింకులో నీళ్లదీ అదే సంగతి. నీళ్లు పోసేటప్పుడు కలిగిన కదలికే దిశను నిర్ణయిస్తుంది. అయినా సరే 1962లో అమెరికాలోని ఎంఐటీలో ఆషర్ షపీరో ఆరడుగుల వెడల్పు తొట్టిలో నీళ్లు నింపి, 24 గంటలు కదలకుండా ఉంచి, అడుగున సన్నటి రంధ్రం తెరిచి చూశాడు. నీళ్లు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలోనే తిరిగాయి. నీళ్లలో మిగిలిన పాత కదలికంతా చచ్చిపోయి, నీళ్లు నిదానంగా లోపలికి జారేంత సమయం ఇస్తే తొట్టిలో కూడా భూమి పట్టు కనిపిస్తుంది. ఇంట్లో బకెట్‌తో చేసి చూసి దిశను బట్టి ఏదీ తేల్చకండి.

అధిక పీడనం సంగతి మీరు అడగలేదు కానీ చెప్పకపోతే బొమ్మ పూర్తి కాదు. అధిక పీడనం చుట్టూ గాలి గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. అక్కడ పీడనం గాలిని బయటికి నెడుతుంది, లోపలికి లాగి మలుపు తిప్పాల్సినది కొరియాలిస్ ఒక్కటే. కొరియాలిస్‌కు ఒక హద్దు ఉంది కాబట్టి అధిక పీడనం చుట్టూ ఐసోబార్లు ఎంత దగ్గరగా ఉండొచ్చనేదానికీ హద్దు ఉంది. పై సూత్రంలో గుర్తు మార్చి సాధిస్తే, విశాఖ అక్షాంశంలో కేంద్రం నుంచి 400 కిలోమీటర్ల దగ్గర 300 కిలోమీటర్లకు సుమారు 0.7 హెక్టోపాస్కల్ తేడా దాటకూడదని వస్తుంది. నా వాయుగుండంలో అదే దూరానికి 2 ఉంది. అల్పపీడనంలో అలాంటి అడ్డు లేదు, ఐసోబార్లు ఎంతైనా దగ్గరపడొచ్చు. చార్టు మీద అల్పపీడనాలు బిగుతుగా, అధిక పీడనాలు విశాలంగా చదునుగా కనిపించడానికి కారణం ఇదే. చేత్తో గీసే రోజుల్లో అధిక పీడన కేంద్రం దగ్గర ఎవరైనా ఐసోబార్లు ఇరుకుగా గీస్తే వెంటనే ఏదో ఒక స్టేషన్ రీడింగు అనుమానించేవాళ్లం.

మీరు సొంతంగా లెక్క వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. మొదటిది, R అంటే గాలి నిజంగా నడిచే దారి వంపు. వాయుగుండం కదలకుండా ఉంటే ఐసోబార్ వంపు, దారి వంపు ఒకటే. అది వేగంగా కదులుతుంటే రెండూ వేరవుతాయి. కదిలే దిశకు కుడిపక్కన దారి తక్కువ వంపుతో, ఎడమపక్కన ఎక్కువ వంపుతో ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్లతో కదిలే వాయుగుండంలో ఈ తేడాను వదిలేయకూడదు, ఎందుకంటే అక్కడి గాలి వేగమే గంటకు 30 కిలోమీటర్లు. రెండోది, నిశ్చలంగా ఉన్న గాలి కుడికి వంగుతూ వచ్చి ఐసోబార్ల వెంట చక్కగా కుదురుకున్నట్టు పుస్తకాల్లో గీసే బొమ్మ. అంత సాఫీగా జరగదు. రాపిడి లేకపోతే ఆ గాలి సమతుల్యం దాటిపోయి, వెనక్కి వంగి, మళ్లీ దాటుతూ ఊగుతుంది. ఒక్కో ఊపుకు విశాఖ అక్షాంశంలో దాదాపు 39 గంటలు పడుతుంది. ఆ ఊపు శక్తి తరంగాలుగా దూరంగా వెళ్లిపోయి, కొంత రాపిడిలో పోయి, చివరికి సంతులనం మిగులుతుంది. సముద్రపు పై పొరల్లో తుపాను దాటిన తర్వాత నీటి ప్రవాహాలు ఇలాగే గుండ్రంగా ఊగడం తేలియాడే పరికరాల్లో కనిపిస్తుంది.

భూమధ్యరేఖకు దగ్గరగా పోయేకొద్దీ f సున్నా అవుతుంది, మన ఆరు గంటలు రోజులుగా మారతాయి. 5 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 22 గంటలు. అక్కడ అల్పపీడనం ఏర్పడినా గాలి కుడికి వంగేలోపే కేంద్రాన్ని నింపేస్తుంది. అందుకే 5 డిగ్రీల లోపల తుపానులు చాలా అరుదు. ఒక్క మినహాయింపు చెబుతాను. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర, భూమధ్యరేఖకు 1.5 డిగ్రీల దూరంలోనే వామెయ్ అనే తుపాను ఏర్పడింది. అక్కడ 1/f మూడు రోజులు దాటుతుంది. భూమి ఇచ్చే తిరుగుడు దాదాపు లేనట్టే. బోర్నియో పక్కన అప్పటికే ఒక సుడి తిరుగుతోంది, దక్షిణ చైనా సముద్రం మీదుగా ఈశాన్య గాలి చాలా రోజులపాటు బలంగా వీచింది. భూమి నుంచి రాని తిరుగుడు దానికి వాటి నుంచి దొరికింది.